వలస పోయిన గర్భిణి ఎవరి బాధ్యత?

పత్తికొండ చుట్టుపక్కల పల్లెల్లో గర్భిణుల ఇళ్లకు తిరగడం నా పని, ఒక చిన్న స్వచ్ఛంద సంస్థ తరఫున. ఏళ్ల తరబడి తిరిగి విసిగిపోయి, సోషల్ వర్క్ పీజీకి దరఖాస్తు పెట్టాను. దరఖాస్తుతో పాటు ఒక వ్యాసం అడిగారు: దగ్గరగా చూసిన ఒక సంఘటన చెప్పి, అది వ్యవస్థను ఏ ప్రశ్న అడుగుతోందో రాయాలి.

నాకు ఒకామె గుర్తొచ్చింది. ఒంట్లో రక్తం బాగా తక్కువ. వానల్లేక చేను ఎండిపోతే, కడుపుతోనే భర్త వెంట గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి పోయింది. చేల పక్కన గుడారంలో ఉన్నారు. బిడ్డ నెలలు నిండకముందే పుట్టాడు. బతికాడు గానీ, చాలాకాలం ఆసుపత్రి చుట్టూ తిరిగారు.

అదంతా రాసి, కమలాపురంలో ఉంటున్న మా పాత సూపర్‌వైజరమ్మకు ఫోనులో చదివి వినిపించాను.

"కథ బాగుండాది. ప్రశ్న యాడుండాది?" అంది. వెంటనే, "ఆమె గురించి రాస్తాండావు గదా, ఆమెను అడిగినావా?" అంది.

అప్పటికి వాళ్లు ఊరికి తిరిగొచ్చేశారు, మర్నాడే ఆమె ఇంటికి వెళ్లాను. గడప దగ్గర కూర్చుని బిడ్డకు పాలిస్తోంది. సంగతి చెప్పాను.

"రాసుకో అక్కా. పేరు మాత్రం వద్దు."

"ఆడ అంగన్‌వాడీకి పోయినావా?" అని అడిగాను.

"పోయినా. నీ పేరు ఈడ లేదు, మీ ఊర్లో నుంచి మార్పించుకోని రా అన్నారు. దానికి ఒకరోజు కూలి పాయ. ఇంగ పోలేదు."

వాళ్ల ఊరి అంగన్‌వాడీ టీచరమ్మను అడిగాను. ఆమె గొంతులోనూ ఓపిక లేదు.

"పేర్లు ఎక్కించే యాప్‌లో ఊరు మార్చేదానికి వీలుండాదమ్మా. ఆ ఊరి అంగన్‌వాడీ వాళ్లు చేర్చుకోవాల. ఆ గుడారాలు యాడుండాయో వాళ్లకేం తెలుసు? పోయినోళ్లు ఏ చేలో ఉండారో నాకేం తెలుసు?"

రెండు ఊళ్ల టీచర్లలో ఎవరినీ తప్పుపట్టలేకపోయాను. తిరుగు బస్సులో కూర్చున్నాక, రాయాల్సింది తెలిసింది. గుడ్లు, పాలు, ఐరన్ మాత్రలు అన్నీ ఊరిని పట్టుకుని ఉన్నాయి. మనుషులు మాత్రం కూలిని పట్టుకుని కదులుతున్నారు. ఆమె కదిలినప్పుడు ఆ సేవలను ఆమె వెంట పంపే బాధ్యత ఎవరిది, పంపిన ఊరిదా, పని ఇచ్చిన ఊరిదా? నా ప్రశ్న అంతే. జవాబు నాకు తెలియదని కూడా రాశాను.

సీటు వచ్చింది. ఆ మాట చెబుదామని ఆమె ఇంటికి వెళ్తే సంతోషపడింది.

"పోయి చదువుకో అక్కా. మేము గూడా దీపావళి దాటినాక పోతాం. ఈసారి వీడ్ని ఎత్తుకోని పోవాల."

వాళ్లు పోయే ఊరి నర్సమ్మ నంబరు ఎవరెవరినో అడిగి సంపాదించి, ఆమె ఫోనులో ఎక్కించాను. అప్పుడే ఒకసారి చేసి చూశాం. మోగింది గానీ, ఎవరూ ఎత్తలేదు.

"పనిలో ఉందేమోలే," అంది ఆమె, బిడ్డను భుజం మార్చుకుంటూ.