హెడ్లీ మనసులో కట్టిన రేటు

హెడ్లీ సగ్డెన్ ముప్పై ఏళ్లుగా ఏం పని చేస్తున్నాడో పక్కింటివాళ్లకు కూడా సరిగా తెలియదు. లీడ్స్‌లోని ఒక బెట్టింగ్ కంపెనీలో కూర్చుని క్రికెట్‌కు రేట్లు కడతాడు. ఎవరు గెలుస్తారన్న దానికి కాదు, అదంటే ఆయనకు చిన్నచూపు. ఆయన సొంత రాజ్యం రెండే విషయాలు: మొదటి వికెట్ ఏ తీరున పడుతుంది, ఓపెనర్లిద్దరూ కలిసి ఎన్ని పరుగులు చేస్తారు.

చిలక జోస్యం అనుకుంటారేమో, కాదు. కొత్త బంతి ఎవరిది, ఏ చేత్తో వేస్తారు, బంతి లోపలికొస్తుందా బయటికి పోతుందా, పిచ్ ఎలా ఉంది అని చూడాలి. పిచ్ పచ్చగా ఉండి బంతి బయటికి పోతుంటే క్యాచ్ రేటు తగ్గించాలి. బంతి లేవని మందకొడి పిచ్ అయితే బౌల్డ్, ఎల్బీడబ్ల్యూల రేటు తగ్గించాలి. స్పిన్నర్‌తో మొదలుపెట్టే జట్టయితే స్టంపింగ్‌ను తేలిగ్గా తీసుకోకూడదు. రేటు తగ్గిందంటే అది జరిగే అవకాశం పెరిగిందన్నమాట. ఇక భాగస్వామ్యం ఎన్ని పరుగులు దాటుతుందా లేదా అని పందెం కడతారో, ఆ గీతను సగటు చూసి గీసేవాళ్లంటే ఆయనకు ఒళ్లు మంట. అప్పుడప్పుడూ పడే పెద్ద సెంచరీ భాగస్వామ్యం సగటును పైకి లాగేస్తుంది. సగటు నలభై ఉన్న జోడీ సగం సార్లు పాతిక దాటదు. గీత ఆ పాతిక దగ్గరే గీయాలి.

ఫిబ్రవరిలో భార్య డోరీన్ పోయింది. అంత్యక్రియలు కాగానే హెడ్లీ వచ్చి డెస్కు దగ్గర కూర్చున్నాడు. అందరూ పలకరించారు, అందరికీ థాంక్స్ చెప్పాడు. లోపల ఏమీ లేదు. పన్ను పీకే ముందు సూది వేస్తే చెంప ఎలా మొద్దుబారుతుందో, మనిషి మొత్తం అలా ఉన్నాడు. ఏడవాలని ప్రయత్నించాడు కూడా. రాలేదు.

కూతురు ఎలెన్ కౌంటీ మహిళల జట్టులో ఓపెనర్. తల్లి పోయేటప్పటికి జట్టుతో స్పెయిన్‌లో శిక్షణలో ఉంది, చివరి చూపు దక్కలేదు. అప్పటినుంచి ఆ పిల్ల బ్యాటు పలకడం లేదు. ఈ ఆదివారం మ్యాచ్‌లో నిలబడకపోతే వచ్చే ఏడాదికి కాంట్రాక్టు ఉండదని కోచ్ మొహం మీదే చెప్పాడు. ఆ సంగతి పేపర్లోనూ వచ్చింది.

సొంతవాళ్లు ఆడే మ్యాచ్ జోలికి పోకూడదని కంపెనీ నియమం. అందుకే ఎలెన్ మ్యాచ్‌లకు పక్క డెస్కులో ఉండే సోబియా రేట్లు కడుతుంది. బ్రాడ్‌ఫర్డ్ పిల్ల, నోరు పెద్దది, మనసు అంతకన్నా పెద్దది. హెడ్లీకి ఆ ఆదివారం వేరే మ్యాచ్ ఇచ్చారు. కళ్లు మాత్రం తన తెర మీద నిలవలేదు.

పొద్దున వాన పడి తెరిపిచ్చింది, పిచ్ మీద తేమ ఉంది. అవతలి జట్టు కొత్త బంతిని ఎడమచేతి బౌలర్‌కు ఇస్తోంది. ఆమె బంతి ఎలెన్‌లాంటి కుడిచేతి బ్యాటర్‌కు దూరంగా పోతున్నట్టే వచ్చి, పడ్డాక లోపలికి తిరుగుతుంది. సోబియా భాగస్వామ్యం గీతను ఇరవై ఆరున్నర నుంచి ఇరవై ఒకటిన్నరకు దించింది. ఎల్బీడబ్ల్యూకి రెండు పౌండ్లు పెడితే తొమ్మిది లాభం అని పెట్టింది.

హెడ్లీ ఓరకంట చూశాడు. ఎక్కువిచ్చావమ్మా, అనుకున్నాడు. ఎలెన్ ముందు కాలు కదలడం లేదు. ఏప్రిల్ నుంచీ అంతే. బంతి కోసం కాలు వెళ్లకుండా ఉన్నచోటే పాతుకుపోతోంది, బ్యాటు దాన్ని చుట్టుకుని రావాల్సి వస్తోంది. లోపలికొచ్చే బంతికి అది ఎదురుగా పెట్టిన స్తంభమే. ఆయన మనసులో రెండుకు ఐదు అని కట్టేశాడు. కట్టాక ఎప్పటిలాగే కాస్త హాయిగా అనిపించింది.

మ్యాచ్ మొదలయ్యే ముందు ఎల్బీడబ్ల్యూ మీద పందేలు రావడం మొదలైంది. ఒకటి కాదు, నాలుగైదు ఖాతాలు, అన్నీ కంపెనీ ఒప్పుకునే గరిష్ఠ మొత్తంతో.

"పెద్దాయనా, వీళ్లకేం పిచ్చి పట్టింది? నాకు కనబడనిదేదో వీళ్లకి కనబడుతోందా?" అంది సోబియా.

"ఆ మ్యాచ్ గురించి నేను మాట్లాడకూడదు."

"మాట్లాడొద్దులెండి. దగ్గండి చాలు, అర్థం చేసుకుంటా."

"సోబియా."

"సరే సరే. రాతి మనిషివయ్యా బాబూ." అనేసి నాలుక్కరుచుకుంది. తర్వాత నోరు మూసుకుని, డబ్బు వస్తున్న వైపే నడిచి, రేటును ఒకటికి మూడుకు దించింది.

మైదానం నుంచి కబురు ముందొస్తుంది, టీవీ బొమ్మ కొన్ని క్షణాల తర్వాత వస్తుంది. మూడో ఓవర్లో సోబియా తెర మీద రేట్లన్నీ ఒక్కసారిగా బూడిదరంగులోకి పోయాయి. వికెట్ పడింది. టీవీలో మాత్రం ఎలెన్ ఇంకా గార్డు తీసుకుంటోంది, హెల్మెట్ సర్దుకుంటోంది. అయిపోయిందని ఆ గదిలో అందరికీ తెలుసు, ఆ పిల్లకి తెలియదు. బౌలర్ పరుగెత్తింది. కాలు కదల్లేదు. అంపైర్ వేలెత్తింది.

సోబియా ఆయన మొహం చూడకుండా ఎల్బీడబ్ల్యూ అని నొక్కి లెక్క తేల్చింది. హెడ్లీ తన మ్యాచ్ రేట్లు సరిచేసుకున్నాడు.

ఆటగాళ్ల ఫోన్లు మ్యాచ్ అయ్యేదాకా అధికారుల దగ్గరే ఉంటాయి. అందుకని ఎలెన్ ఫోన్ చేసేసరికి సాయంత్రమైంది. హెడ్లీ కారు పార్కింగ్‌లో ఉన్నాడు.

"అయిపోయింది నాన్నా. కోచ్ చెప్పేశాడు."

"చూశాను."

"ఎల్బీకి ఎంతిచ్చారు మీవాళ్లు?"

"రెండుకి తొమ్మిదితో మొదలెట్టింది. ఒకటికి మూడుకి దించింది."

"నువ్వైతే?"

అబద్ధం చెప్పొచ్చు. కానీ రేటు అడిగితే అబద్ధం చెప్పడం ఆయనకు చేతకాదు. "రెండుకి ఐదు."

ఎలెన్ నవ్వబోయింది, కుదర్లేదు. "అంటే నీకు కనబడింది. కాలు."

"ఆఁ."

"ఎప్పట్నుంచి?"

"ఏప్రిల్."

"ఏప్రిల్! ఇన్ని నెలలూ నోట్లో ఏం పెట్టుకున్నావు? కోచ్ గ్రిప్ మార్చమంటాడు, ఇంకొకడు తల దించమంటాడు. ఒక్క ముక్క చెప్పలేకపోయావా?"

"నియమం ఉంది కదమ్మా. ఆట గురించి మనం..."

"ఆ నియమం నా దగ్గర్నుంచి నీకు కబురు రాకూడదని నాన్నా. నీ కూతురికి కాలు ముందుకెయ్యమని చెప్పొద్దని ఏ నియమంలో ఉంది?"

ఏ నియమంలోనూ లేదు. అసలు చెప్పాలని తట్టనే లేదు. లోపం కనబడింది, దాన్ని లెక్కలోకి తీసుకున్నాడు, రేటు కుదిరింది. అక్కడితో తన పని అయిపోయిందనుకున్నాడు.

ఎలెన్ గొంతు తగ్గింది.

"నన్ను స్పెయిన్ వెళ్లమన్నావు. తొందరేం లేదు, అమ్మ ఉంటుంది అన్నావు."

హెడ్లీ కారు తలుపు పట్టుకున్నాడు.

"అప్పుడు కూడా కట్టావా నాన్నా? అమ్మకి కూడా రేటు కట్టావా?"

డాక్టరు చూపించిన కాగితాలు, స్కానులు, వయసు, బరువు తగ్గిన తీరు అన్నీ కలిపి ఆసుపత్రి వరండాలోనే కట్టాడు. ఎలెన్ తిరిగొచ్చేదాకా డోరీన్ ఉండదని ఆ రోజే ఆయనకు తెలుసు. కట్టాక కాస్త హాయిగా కూడా అనిపించింది.

"కట్టాను," అన్నాడు.

ఎలెన్ ఏడవడం వినిపించింది. ఆయన ఫోను చెవికి ఆనించుకుని అలాగే నిలబడ్డాడు. పెట్టెయ్యమ్మా అనలేదు, ఊరుకో అనలేదు. కూతురు పెట్టేసేదాకా విన్నాడు. పెట్టేశాక కూడా ఆ ఫోను చెవి దగ్గర్నుంచి తియ్యడానికి ఆయనకు చెయ్యి రాలేదు.