పరుపు తప్పు కాదు

ఆమె వేళ్ళు పరుపు అంచు కుట్టు విప్పుతున్నాయి. మూడు నెలల్లో అదే పరుపును విప్పడం ఇది అయిదోసారి. లోపలి పీచు బయటికి లాగి, గడ్డకట్టిన చోటల్లా చిదిమి, మళ్ళీ పలచగా పరుస్తోంది.

కుక్కల ఆశ్రమంలో ఆమెను అందరూ పరుపులక్క అనే పిలుస్తారు. ఒకప్పుడు మొగుడితో కలిసి వీధివీధీ తిరిగి పాత పరుపులు విప్పి, దూది ఏకి, కొత్తగా కుట్టిచ్చిన చేతులవి. ఆయన పోయాక ఇక్కడ డెబ్బై కుక్కలకు పక్కలు కుట్టే పనిలో కుదిరింది. పందొమ్మిదేళ్ళయింది. బడి మొహం చూడకపోయినా, ఏ కుక్క ఏ మూల ముడుచుకుంటుందో చూడకుండా చెప్పగలదు.

కుక్కల డాక్టరమ్మ ఈ ఆశ్రమానికి వచ్చిన కొత్తలో పరుపులక్క ఆవిణ్ణి ఒకమాట అడిగింది.

"ఇవి పడుకునే ముందు ఇలా చుట్టూ ఎందుకు తిరుగుతాయమ్మా?"

"ఖాయంగా ఎవరికీ తెలీదక్కా. అడవిలో వీటి తాతముత్తాతలు గడ్డి తొక్కి చదును చేసుకునేవని అంటారు. పామో తేలో ఉంటే పారిపోతుందని కొందరు. గాలి ఎటు వీస్తోందో, ఎవరొస్తున్నారో చూసుకోవడానికని ఇంకొందరు. అన్నీ ఊహలే. ఒక పరీక్ష మాత్రం చేశారు. నున్నటి చోట కంటే ఎగుడుదిగుడు చోట ఎక్కువ కుక్కలు తిరిగాయట."

ఆ చివరి మాటను ఆమె కొంగున ముడేసుకుంది. అడవీ, పాములూ ఆమె చేతిలో లేవు. చదును ఆమె చేతిలో ఉంది. ఆ రోజు నుంచి ఆమెకు అదే కొలత. కుక్క రెండు మూడు చుట్లు తిరిగి ఒరిగితే పని బాగున్నట్టు. అయిదు తిరిగిందంటే లోపల పీచు గడ్డకట్టినట్టు. విప్పి చూస్తే చాలాసార్లు నిజంగానే గడ్డ కనిపించేది.

ఆమె కుడుతుంటే పక్కనే కూర్చునే కుక్క పేరు ముసలోడు, వాడికి పదకొండేళ్ళు. మూడు నెలల కింద వాడు అయిదు చుట్లు తిరిగాడు. విప్పి సరిచేసింది. తర్వాత ఎనిమిది. ఇంకా మెత్తగా నింపింది. నిన్న పది దాటాయి.

గుమ్మంలో వంటాయన గంజి బకెట్ దించాడు.

"వాడు గానుగెద్దైపోయాడక్కా. కింద గిన్నె పెట్టి చూడు, నూనె కారుతుందేమో!"

"గరిటె తిప్పేవాడివి గరిటె తిప్పుకో. పరుపు సంగతి నీకెందుకు?"

"నాకెందుకులే. కానీ నా వంటగది బండల మీద కూడా అంతే తిరుగుతున్నాడు. బండలో ఏం పీచుందంటావ్?"

ఆమె చెయ్యి ఆగిపోయింది.

లేచి ముసలోణ్ణి వంటగదికి నడిపించుకెళ్ళింది. నున్నటి బండలు, అరచేతితో తడిమినా గీత తగలదు. వాడు తిరిగాడు. ఈసారి ఆమె చుట్లు లెక్కపెట్టలేదు, కాళ్ళు చూసింది. ప్రతి చుట్టు చివరా వెనక కాళ్ళు కాస్త వంచుతున్నాడు, ఒళ్ళు జలదరించినట్టు మళ్ళీ లేస్తున్నాడు. వాడు పక్క చదును చేసుకోవడం లేదు. పడుకోలేకపోతున్నాడు.

సాయంత్రానికి డాక్టరమ్మ చేతికి ఎక్స్‌రే వచ్చింది. వెన్నెముకలో గడ్డ. ఎముకను సగం తినేసింది.

"ఇలా ఎన్నాళ్ళ నుంచి తిరుగుతున్నాడక్కా?"

"మూడు నెలలు."

"మరి చెప్పలేదేం?"

"తప్పు పరుపుది అనుకున్నానమ్మా."

డాక్టరమ్మ ఎక్స్‌రే పక్కన పెట్టింది. "అప్పుడు తెచ్చినా నయమయ్యేది కాదు. ఆ బాధ పెట్టుకోకు."

"అప్పుడు తెస్తే ఏమీ లేదా మరి?"

అబద్ధం ఆడటం డాక్టరమ్మకు చేతకాదు. "నొప్పికి మందు ఇచ్చేదాన్ని. ఈ మూడు నెలలూ పడుకునేవాడు."

తాను మెత్తగా చేసినకొద్దీ వాడి వెనక కాళ్ళు పీచులోకి దిగబడ్డాయని, ఆనుకోవడానికి గట్టి చోటు లేక ఇంకా అవస్థపడ్డాడని ఆమెకు అప్పుడు తట్టింది. చేతిపనినే నమ్ముకుని బతికిన మనిషి. ఆ చేతులే వాడికి మూడు నెలలు నిద్ర లేకుండా చేశాయి. ఎవరితో చెప్పుకుంటుంది? ఏడుపు కూడా రాలేదు.

వాణ్ణి ఇంకా బాధ పెట్టొద్దని, మర్నాడు శాశ్వతంగా నిద్రపుచ్చే సూది వేద్దామని డాక్టరమ్మ అంది. పొద్దున్నే ఆమె కొత్త పక్క మొదలుపెట్టింది. పీచు ముట్టుకోలేదు. పాత కంబళి నాలుగు మడతలేసి, వేలెడు దూరానికో వరస చొప్పున బిగించి కుట్టింది. మోకాలితో నొక్కి చూసింది. ఎక్కడా దిగలేదు.

డాక్టరమ్మ ముందుగా నొప్పి తెలియకుండా గట్టి మందు ఇచ్చింది. అది ఎక్కాక ముసలోడు తనంతట తానే నడిచొచ్చి, కంబళి వాసన చూశాడు. తిరిగాడు. రెండు చుట్లు. మెల్లగా ఒరిగి, ముక్కు ముందుకాళ్ళ మీద పెట్టుకున్నాడు.

"రెండే," అన్నాడు వంటాయన గొంతు తగ్గించి.

ఆమె పక్క అంచున మిగిలిన కుట్టు మీదికి వంగింది. మందు పడితే రెండే. మూడు నెలలుగా వాడు చెబుతున్నది నొప్పి గురించే.

"పూర్తయిందా అక్కా?" డాక్టరమ్మ సూది పట్టుకుని నేల మీదే కూర్చుంది.

ఆమె చివరి ముడి వేసి, దారం పళ్ళతో తెంపింది. ముసలోడి ముందుకాలు ఎత్తి డాక్టరమ్మ చేతిలో పెట్టింది.