నెలనెలా పదిహేను వందలు

ఖమ్మంలో ఇంటి అప్పుల బల్ల దగ్గర నేను కూర్చున్నన్నాళ్లూ జనం నన్ను తిట్టుకోకుండా బ్యాంకు మెట్లు దిగలేదు. నా నోరూ అలాంటిదే. మొదటి మాటే విరుపుగా వచ్చేది. ఎవరు కాగితం పెట్టినా అది దొంగ కాగితమేనని నమ్మి, కాదని వాళ్ల చేత రుజువు చేయించుకునేవాణ్ణి. అనుమానం పెనుభూతమని మా ఆవిడ రోజూ అనేది. ఆ భూతానికే నాకు జీతమిస్తున్నారని నేను జవాబిచ్చేవాణ్ణి.

సర్కారు దవాఖానాలో పనిచేసే ఒక నర్సు ఎనిమిది లక్షల ఇంటికి అప్పు అడిగింది. బ్యాంకు ఆరు లక్షల నలభై వేలు ఇస్తుంది. మిగతా లక్షా అరవై వేలు ఆమే పెట్టుకోవాలి. నలభై వేలు అప్పటికే ఇల్లు అమ్మేవాళ్లకు బయానా కట్టేసింది. లక్షా ఇరవై వేలు తల్లి ఇచ్చిందంటూ ఒక గిఫ్ట్ లెటర్ జత చేసింది. 'నా కూతురికి ఇల్లు కొనుగోలు నిమిత్తం ప్రేమతో ఇచ్చితిని. తిరిగి అడగను. ఆ ఇంటిపై నాకు ఏ హక్కూ లేదు' అని రాసి ఉంది. కింద వేలిముద్ర.

"మీ అమ్మ ఏం పని చేస్తది సిస్టర్?" అని అడిగాను.

"కూలికి పోతది సార్. ఎండాకాలం బీడీల తునికాకు ఏరుతది."

"తునికాకు ఏరి లక్షా ఇరవై వేలా? ఏ చెట్టుకి కాస్తున్నయమ్మా, మేమూ పోతం."

ఆమె మొహం నల్లబడింది. పక్క బల్ల వాళ్లు నవ్వారు. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. కానీ నా అనుమానంలో తప్పు లేదు. వడ్డీకి తెచ్చిన డబ్బుకి గిఫ్ట్ అని పేరు పెట్టి తెచ్చేవాళ్లు నెలకు ఇద్దరైనా తగిలేవారు. అటు వడ్డీ, ఇటు మా వాయిదా, రెండూ కట్టలేక చివరికి ఇల్లే పోగొట్టుకునేవారు. ఈమె ఖాతాలో లక్షా ఇరవై వేలు డీడీ ద్వారా జమైంది, అంతవరకు సరే. ఆ డీడీ తల్లి ఖాతాలోంచే వచ్చిందా, తల్లి ఖాతాలోకి ఎక్కణ్ణుంచి వచ్చింది, ఈ రెండూ తేలాలి.

"పాస్‌బుక్ తెస్తరా, నేనే ఊరికి రావాల్నా?"

"అమ్మ పాస్‌బుక్ ఎవ్వరికీ ఇయ్యదు సార్. నాక్కూడ చూపెట్టలె. పది రోజులల్ల రిజిస్ట్రేషన్ కాకపోతే బయానా పోతది సార్."

కన్నకూతురికే చూపించని పాస్‌బుక్! నా భూతం ఒళ్లు విరుచుకుని లేచింది. మరునాడే మేనేజరుకు చెప్పి, ఆమెతో పాటు చండ్రుగొండ బస్సెక్కాను. అక్కణ్ణుంచి ఆటోలో అడవి అంచున ఉన్న వాళ్ల ఊరికి చేరేసరికి మిట్టమధ్యాహ్నమైంది.

తల్లి బక్కపల్చటి మనిషి. నన్ను చూసి నులకమంచం వాల్చి, చెంబుతో నీళ్లిచ్చింది. గిఫ్ట్ లెటర్ చదివి వినిపించాను. "ఇది నువ్వేసిన ముద్రేనా అమ్మా? పైసలు మళ్ల అడుగవా?"

"నేనే ఏసిన సారూ. బిడ్డకిచ్చింది మళ్ల అడుగుతరా ఏంది?"

"మరి అన్ని పైసలు నీకెక్కడియి?"

కూతురి వైపు ఒకసారి చూసి తల దించుకుంది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టే అనిపించింది నాకు. పాస్‌బుక్ చూపించకపోతే లోను రాదని, బిడ్డ బయానా మునుగుతుందని గట్టిగా చెప్పాను. ఆమె లేచి, బియ్యం కుండలోంచి ప్లాస్టిక్ కవరు తీసింది. అందులో రెండు పాస్‌బుక్కులు ఉన్నాయి, నిండిపోయిన పాతదీ, ఇప్పటిదీ.

కొత్తదాని చివరి పేజీలో లక్షా ఇరవై వేలు డీడీకి ఖర్చు. తేదీ కలిసింది, డీడీ నంబరూ కలిసింది. ఇక రాబడి వైపు చూశాను. ఎక్కడా పెద్ద మొత్తం లేదు. పైపైన తిరగేస్తే అన్నీ పదిహేను వందలే. ప్రతి నెలా పదిహేను వందలు, మధ్యలో వడ్డీ. ఆరేళ్లకు పైగా అంతే. ఒక్కసారి కూడా తీసింది లేదు.

ఆ అంకె నాకెక్కడో తగిలింది. సంచిలోంచి నర్సు ఖాతా ఆరు నెలల స్టేట్‌మెంట్ తీశాను. ప్రతి నెల మొదట్లో పదిహేను వందల డెబ్బై ఐదు తీసినట్టు ఉంది. "సిస్టర్, ఈ డెబ్బై ఐదేంది?"

"మనియార్డర్ కమీషన్ సార్. నెలనెలా ఇంటికి పంపుత. నాయిన ఉన్నప్పుడు మందులకని మొదలుపెట్టిన. ఆయన పోయినేడు పోయిండు. ఇప్పుడు అమ్మ ఖర్చులకి..."

అంటూనే నా చేతిలోని పాస్‌బుక్ చూసింది. పుస్తకం లాక్కుంది.

ఇంటి అప్పుల పనిలో అంకెలు కలిస్తే నాకు ప్రాణం లేచొచ్చినట్టుండేది. ఆ రోజు ఒక్కో అంకె కలుస్తుంటే నా ఒళ్లు చల్లబడింది.

"అమ్మా, ఇవి నాయిన షుగర్ మందుల పైసలు కదనే?"

తల్లి కొంగు నోట్లో కుక్కుకుంది. "మీ నాయిన ఒద్దన్నడు బిడ్డా. అత్తగారింటికి పంపిన ఆడపిల్ల సొమ్ము తింటే పాపమన్నడు. ముట్టనియ్యలె. దాని ఇంటికే దాచిపెట్టుమని ఒట్టేయించుకున్నడు. ఆకు పసరుతోనే ఎళ్లదీసిండు."

"నేనొచ్చినప్పుడల్ల ఖాళీ గోలీల షీట్లు చూపెట్టినవు కదా!"

"పక్కింటాయనవి."

అయ్యో దేవుడా! రోజూ పదిమందికి ఇన్సులిన్ పొడిచే నర్సు. ఆమె తండ్రి కాలికి పుండు పడి, అది కుళ్లి చచ్చిపోయాడు. మందులు పనిచేయలేదని ఆమె ఏడాది పాటు డాక్టర్లను తిట్టుకుంది. ఆ మందులు ఆయన నోట్లో పడనే లేదు.

"నాకొద్దు ఈ ఇల్లు. నాయిన్ని సంపి కొన్న ఇల్లు నాకొద్దు," అని నేల మీద కూలబడింది. తల్లి దగ్గరికి వెళితే చేయి విసిరికొట్టింది. పాస్‌బుక్ మాత్రం వదల్లేదు. మొదటి పేజీ నుంచి ఒక్కో తేదీ మీద వేలు పెట్టి చదవసాగింది. జనవరి, ఫిబ్రవరి, మార్చి... ఏం వెతుకుతోందో నాకు అర్థం కాలేదు.

ఒకచోట వేలు ఆగింది.

"సార్, ఆగస్టు లేదు! చూడుండ్రి. జూలై తర్వాత సెప్టెంబరే ఉన్నది. ఆ నెల ఏయలె. ఆ నెల మందులు కొన్నరు. అవునా అమ్మా? ఆ నెలన్నా ఏసుకున్నడా?"

ఆమె వేలు తేదీల గడిలో ఉంది. నా కళ్లు పాడుగాను, అలవాటు ప్రకారం పక్క గడిలోకి పోయాయి. సెప్టెంబరులో జమ మూడు వేలు. రెండు నెలలదీ ఒక్కసారే వేశారు.

తల్లి నా మొహంలోకి చూసింది. చదువు రాని మనిషి, కానీ తన చేత్తో కట్టిన డబ్బు ఆమెకు గుర్తుండదా?

"అవ్ బిడ్డా," అంది. "ఆ నెల ఏసుకున్నడు."

నేను మెల్లగా పుస్తకం తీసుకుని మూసేశాను. "అవునమ్మా, ఆ నెల పైసలు ఖాతాలో పడలేదు," అన్నాను. ఎదుటివాళ్ల మాటను ఎన్నడూ నమ్మని నేను ఆడిన మొదటి అబద్ధం అది.

దాత ఖాతా సరిచూశాననీ, అంకెలు కలిశాయనీ రిపోర్టు రాశాను. గడువుకి రెండు రోజుల ముందు రిజిస్ట్రేషన్ అయింది. తల్లి ఎంత బతిమాలిందో, సిస్టర్ భర్త ఏం చెప్పాడో నాకు తెలియదు. సంతకం చేసేటప్పుడు మాత్రం ఆమె నా మొహం చూడలేదు.

తర్వాత చాలా ఏళ్లకి బజార్లో కలిసింది. తల్లి తన దగ్గరే ఉంటోందని చెప్పింది. ఇంకేవో మాటలయ్యాక, వెళ్లబోతూ ఆగింది.

"ఆ ఒక్క నెలన్నా ఏసుకున్నడు సార్," అంది.

"అవునమ్మా," అన్నాను.