చీకటి పడ్డాక మొదలయ్యే చప్పుళ్ళు

మా ఇంగ్లీషు మాస్టారు పోయారని మొన్న ఉదయం కాశీబుగ్గ నుంచి ఆయన కోడలు ఫోన్ చేసింది. రాత్రి భోజనం చేసి పడుకున్నవారు మళ్ళీ లేవలేదట. బాధపడకుండా పోయారులే అని అందరూ అంటున్నారు. నాకు మాత్రం ఆయన బాగా భయపడిన ఒక దీపావళి గుర్తొస్తోంది.

రిటైరయ్యాక టెక్కలిలో మా ఆఫీసుకు రెండిళ్ళ అవతల ఉండేవారు. ఉద్దానం ఊళ్ళలో తాగునీటి బావుల్ని పరీక్షించే చిన్న ఆఫీసు అది. ఇంగ్లీషు ఉత్తరాలు రాయడం నా పని. రాసిందల్లా ఆయనకు చూపించేదాన్ని. ఆయన పైకి చదివి, నాలుక తట్టుకున్న చోటల్లా గోటితో గీటు పెట్టేవారు. "నీకొచ్చింది కాదమ్మా, సదివేవాడికి కావాల్సింది రాయి" అనేవారు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో ఎమీనా అనే నీళ్ళ ఇంజనీరు బోస్నియా నుంచి మాతో పనిచేయడానికి వచ్చింది. ఆఫీసు మేడ మీద గదిలో ఉండేది. దీపావళి ముందర సంతబొమ్మాళిలో మేం జీపు దిగుతుంటే ఎవరో టపాకాయ పేల్చారు. ఆమె చటుక్కున నేలమీద పడి తల కప్పుకుంది. తరవాత నీళ్ళు తాగుతూ, చిన్నప్పుడు తమ ఊరిమీద ఫిరంగి గుళ్ళు పడేవని మాత్రం చెప్పింది.

విశాఖపట్నం పంపేద్దామా అనుకున్నాం. అక్కడైతే ఇంకా ఎక్కువ మోత. ఆమెకు దీపావళి శుభాకాంక్షలు రాసి ఇమ్మని మా ఆఫీసరు నాతో అన్నారు. చెడుమీద మంచి, చీకటిమీద వెలుగు అంటూ పేజీ నిండా రాసి మాస్టారికి చూపించాను.

ఆయన చదివి, "బాగుంది. ఆ పిల్లకి ఏటి భయం?" అన్నారు.

సంతబొమ్మాళి సంగతి చెప్పాను.

"మరి అది ఇందులో ఏదీ?"

కాగితం తిప్పి వెనకవైపు మళ్ళీ మొదలుపెట్టించారు. నీ భయం మాకు తెలుసని రాద్దామంటే వద్దన్నారు. నలుగురిలో పడ్డ సంగతి మళ్ళీ ఎత్తి చూపినట్టవుతుందన్నారు. ఏ కొత్త అతిథికైనా చెప్పినట్టే ఉండాలి, ఏదీ దాచకుండా ఉండాలి. ఒక్కో వాక్యానికి ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకునేవారు. చివరికి తేలింది తెలుగులో చెబితే ఇలా ఉంటుంది:

"ఎమీనా గారికి దీపావళి శుభాకాంక్షలు. దీపావళి అంటే దీపాల వరస. నరకుడనే రాక్షసుణ్ణి కృష్ణుడూ సత్యభామా చంపారని, ఆ సంతోషంతో జనం దీపాలు పెట్టారని మా కథ. రేపు అమావాస్య. సాయంత్రం ఇళ్ళలో లక్ష్మీపూజ చేసి గుమ్మాల్లో దీపాలు పెడతాం. పిల్లలు గోగుపుల్లలకు నూనెగుడ్డలు చుట్టి వెలిగించి నేలకు కొడతారు, కాళ్ళు కడుక్కుని మిఠాయి తింటారు. తరవాత టపాకాయలు కాలుస్తారు. గట్టిగా పేలే వాటిని పిల్లలు 'బాంబు' అని అరుస్తారు. అది కాగితం చుట్టిన ఆటవస్తువు, ఎవరికీ హాని చెయ్యాలని కాదు. మా వీధిలో చీకటి పడ్డాక మొదలై, భోజనాల వేళకు ఆగిపోతాయి. మీరు పూజ చెయ్యక్కర్లేదు, బహుమతులు తేవక్కర్లేదు. మాతో కూర్చుంటే సంతోషం. గదిలోనే ఉంటే మిఠాయి పైకి పంపిస్తాం."

'బాంబు' మాట దగ్గర నేను ఆగిపోయాను. "రాయకపోతే పిల్లలు అరవడం మానేత్తారా? ముందు మన నోట వినాలి" అన్నారాయన.

కాగితం ఆమెకిచ్చాక ఆయనకు వేరే బెంగ పట్టుకుంది. చీకటి పడ్డాకే అని రాశాం. ఎవరైనా ముందే కాలిస్తే మిగతాదేదీ ఆమె నమ్మదు. మర్నాడంతా వీధిలో ఇంటింటికీ తిరిగి, దీపాలు పెట్టేదాకా ఆగమని, అన్నాల వేళకు ఆపమని బతిమాలారు. సరేనన్నవాళ్ళ గుమ్మంలోనే కాసేపు నిలబడేవారు, నమ్మకం చాలక.

సాయంత్రం మేడమీది తలుపు మూసే ఉంది. ఇంకా వెలుగుండగానే వీధి చివర ఒకటి పెద్దగా పేలింది. మాస్టారు మా ఆఫీసు అరుగు మీద అలాగే కూలబడిపోయారు. పైకి వెళ్ళాలో వద్దో నాకు తెలియలేదు. పైనుంచి ఏ చప్పుడూ లేదు. ఆయన పెదాలు తడుపుకుంటూ, "అబద్ధం రాసినట్టయింది" అన్నారు.

వీధంతా దీపాలు పెట్టాక తలుపు తెరుచుకుంది. ఎమీనా గోడ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగింది. ముఖం పాలిపోయి ఉంది. పేలినప్పుడు మంచం కింద దూరానని, అక్కడే కాగితం మళ్ళీ చదువుకున్నానని చెప్పింది. తరవాత మాస్టారి వైపు చూసి, "ఎవరో మీ ఉత్తరం చదవలేదు" అంది.

ఆయన తప్పయిందని ఇంగ్లీషులో చెప్పబోతుంటే ఆమె వచ్చి పక్కన కూర్చుంది. బాంబు, బాంబు అని పిల్లలు అరిచినప్పుడల్లా వణికింది గానీ లేచి వెళ్ళలేదు.

ఎదురింటివాళ్ళు చిచ్చుబుడ్డి వెలిగించారు. ఆ వెలుగులో ఇద్దరూ కనిపించారు, పక్కపక్కనే రెండు చెవులూ మూసుకుని. మాస్టారు ఆమెతో ఏదో అన్నారు. ఆమె కూడా ఏదో అంది. ఇద్దరికీ వినపడలేదు. ఇద్దరూ చేతులు తియ్యలేదు.