గేటు దగ్గర ఆగిన టికెట్

కైకలూరు శివార్లలో ఉన్న చేపల ప్యాకింగ్ యార్డులో కొత్త సాఫ్ట్‌వేర్ నడవడం మొదలైంది. దాన్ని పెట్టిన విజయవాడ కంపెనీ హన్నాను అక్కడే ఉంచింది. వచ్చిన ప్రతి ఫిర్యాదునూ టికెట్‌గా నమోదు చేయించి, ఏది ముందో తేల్చి, అంతా కుదురుకున్నాక రోజువారీ సపోర్టు వాళ్లకు అప్పగించడం ఆమె పని. ఈ మధ్యకాలాన్నే వాళ్లు హైపర్‌కేర్ అంటారు.

గేటు గుమాస్తా మరియదాసు పెట్టిన టికెట్ చిన్నది. ఐసు కరిగి లారీ తూకం తగ్గితే గేట్‌పాస్ రావడం లేదు, సూపర్‌వైజర్ ఆమోదం కోసం ఆగిపోతోంది.

"ఒక్క గేటేగా! మూడో ప్రాధాన్యంలో వెయ్యండి. శుక్రవారం అప్పగింత ఆగడానికి వీల్లేదు" అన్నాడు యార్డు మేనేజర్ జానకిరామ్.

హన్నాకు మనసొప్పలేదు. అయినా వేసింది.

మర్నాడు మిట్టమధ్యాహ్నం గేటు దగ్గర లారీలు బారు తీరాయి. చేప కంపు కొడుతోంది. డ్రైవర్ పేరయ్య కిందికి దూకి, మరియదాసు చొక్కా పట్టుకున్నాడు.

"పొద్దున్నించీ ఆపావు! లోపల సరుకు మురిగిపోతే నీ బాబు కడతాడా?"

"పాస్ రాందే గేటు తియ్యలేనయ్యా, నా చేతుల్లో లేదు..."

మాట పూర్తికాలేదు. పేరయ్య ఐసు కొక్కెం విసురుగా తిప్పాడు. అది మరియదాసు కనుబొమ్మను చీల్చి కంట్లో దిగింది. ఇంకో డ్రైవర్ కంప్యూటరెత్తి నేలకేసి కొట్టాడు. యార్డు కూలీలు కర్రలతో ఉరికారు. పేరయ్య పళ్లు రాలేదాకా బాదారు. అడ్డుపడిన హన్నా భుజం మీద ఒక దెబ్బ పడింది. మరియదాసును ఒళ్లోకి లాక్కుని చున్నీ అదిమితే, రక్తం వేళ్ల సందుల్లోంచి కారింది.

అంబులెన్సు వెళ్లగానే ఆమె టికెట్‌ను మొదటి ప్రాధాన్యంలోకి మార్చింది. సూపర్‌వైజర్ సంతకంతో కాగితం పాసులిప్పించి లారీలను పంపించింది. ఆ తర్వాత కారణం వెతికింది. ఆమోదాలన్నీ ఉద్యోగం మానేసిన పాత సూపర్‌వైజర్ లాగిన్‌కు పోతున్నాయి. కొత్తాయన పేరు కలిపి, కాస్త తూకం తేడాను అనుమతించేలా మార్చి, పరీక్షించేసరికి సాయంత్రమైంది.

శుక్రవారం జానకిరామ్ అప్పగింత పత్రం ముందుకు తోశాడు.

"ఇంక సంతకం పెట్టెయ్యండమ్మా."

"పెట్టనండి. ఇది మళ్లీ రాదని తేలాలి. మేం లేకుండా సపోర్టు వాళ్లే సరిచేయగలగాలి. అప్పటిదాకా హైపర్‌కేర్ నడుస్తుంది."

"పైవాళ్లకు నేనేం చెప్పాలి?"

"మనిషి కన్ను పోయిందని చెప్పండి."

ఆయన పత్రం వెనక్కి తీసుకున్నాడు.

గడువు పొడిగించారు. సపోర్టు టీమ్‌లోని శ్రీదుర్గ గేటు దగ్గరే కూర్చుని, ఆమోదం నిలిచిపోతే ఏం చేయాలో నేర్చుకుంది. హన్నా పక్కనే ఉన్నా నోరు మెదపలేదు. శ్రీదుర్గ తానే రెండు లారీలను సాఫీగా పంపాకే హన్నా సంతకం పెట్టింది.

పేరయ్య మీద కేసు నడుస్తోంది. విజయవాడ తిరిగి వెళ్లేముందు హన్నా మరియదాసును చూడ్డానికి ఆసుపత్రికి వచ్చింది. కట్టు వైపు చూడలేక తలదించుకుంది.

"మీ టికెట్ మూడో ప్రాధాన్యంలో వెయ్యమన్న రోజే నేను గొడవ పడాల్సింది దాసుగారూ."

అతను మిగిలిన కంటితో ఆమె వైపు చూశాడు.

"పడాల్సిందే మేడమ్" అన్నాడు.