శనివారం నాటి ఆల్చిప్పలు

నడి వేసవిలో మా తమ్ముడు కాకినాడ నుంచి ఐస్ డబ్బాలో ఆల్చిప్పలు, గుల్లలు తెచ్చాడు. ఏరు సముద్రంలో కలిసే చోట ఏరినవట. కోస్తా వదిలొచ్చి నాచారంలో ఇన్నేళ్లుగా ఉంటున్నా మా ఆయనకు ఆ రుచంటే ప్రాణం. కానీ ఆ రోజు శనివారం. శనివారం మా ఇంట్లో నీచు పొయ్యెక్కదు.

"రేపు ఉడికిస్తాలెండి," అన్నాను.

"రేపటికి చచ్చిపోతాయే. పొయ్యేగా నీ దేవుడికి అభ్యంతరం? మాకు పొయ్యి అక్కర్లేదు," అని నవ్వుతూ తమ్ముణ్ణి వెంటబెట్టుకుని డాబా ఎక్కారు. నిమ్మకాయ పిండుకుని ఇద్దరూ పచ్చివే తిన్నారు. నా నియమం చెడకుండా కాచినందుకు దేవుడికి దండం పెట్టుకున్నాను.

ఆదివారం మధ్యాహ్నానికి ఆయనకు చలి జ్వరం. కాలు పీకేస్తోందంటే చూశాను. పిక్క మీద నల్లని బొబ్బలు. తమ్ముడూ నేనూ ఉప్పల్‌లో ఆసుపత్రికి తీసుకెళ్లాం. తిన్నదేమిటో చెప్పగానే డాక్టరమ్మ ముఖం మారిపోయింది.

"పచ్చివా? షుగరున్నదా? లివర్ ఖరాబున్నదా?"

"ఏమీ లేవండీ, దేవుడి దయ."

తమ్ముడు తల వంచుకున్నాడు. "ఉందక్కా. ఆరు నెలల కింద స్కాన్ చేయించాం. లివర్ గట్టిపడిందన్నారు. బావే నీకు చెప్పొద్దన్నాడు."

"గది ముందుగాల జెప్పాలె గదా!" అంటూ ఆమె రక్తం తీయించి, వెంటనే మందు ఎక్కించమని నర్సుకు కేకేసింది. కాలికి ఆపరేషన్ చేయాలని కాగితం మీద నా సంతకం తీసుకుంటూ చెప్పింది: "గిది విబ్రియో అనే పురుగమ్మా. ఎండకాలం ఉప్పునీళ్లల్ల మస్తు పెరుగుతది. ఆల్చిప్పలు, గుల్లలు నీళ్లు వడగట్టుకుంట బతుకుతయి. నీళ్లల్లది వాటి లోపల జమైతది. వాసన రాదు, రుచి మారదు. ఐస్‌ల చావదు, నిమ్మరసంల చావదు. మంచిగ ఉడికిస్తెనే చస్తది."

"మా తమ్ముడూ తిన్నాడుగా?"

"చానామందికి జర కడుపు పాడైతది, గంతే. లివర్ ఖరాబున్నోళ్లకు, షుగరున్నోళ్లకు, ఒంట్ల రోగాన్ని తట్టుకునే తాకత్ లేనోళ్లకు సీదా రక్తంలకు పోవచ్చు. ప్రాణం మీదకొస్తది."

పిక్క మీద పాడైన కండ కోసి తీసేశారు. ఆయన బతికారు. డాక్టరమ్మకూ నర్సుకూ, గది తుడిచే ఆవిడకూ చేతులెత్తి దండం పెట్టాను. ఆయన మంచం దగ్గరికి వచ్చేసరికి మాత్రం చేతులు దించేసుకున్నాను. ఆరు నెలలూ రోజూ పూజ కాగానే నా చేతి తీర్థం తీసుకుంటూనే ఈ సంగతి దాచిన మనిషి.

"బెంగపెట్టుకుంటావనే చెప్పలేదే," అన్నారు.

"తెలిసుంటే శనివారమైనా వాటిని పొయ్యెక్కించేదాన్ని. అసలు డాబా ఎక్కనిచ్చేదాన్నే కాదు."

తమ్ముడు ఏదో అనబోయాడు. నేను అటు చూడలేదు.

"ఇంటికెళ్లగానే గుడికి వెళ్దాం," అన్నారాయన, నన్ను మంచి చేసుకోవాలని.

"గుడి సంగతి తరవాత. ఆ రిపోర్టు ఎక్కడ దాచారో చెప్పండి. నేను చదవాలి."