పన్నెండు గీతలు దిగిన స్లాబు

నా భార్య పోయిన నాలుగో నెలలో నన్ను బోథ్ దగ్గరి ఒక ఊరికి పంపించారు. అక్కడ కడుతున్న చిన్న ఆసుపత్రిలో కాన్పుల గది మేడమీద వస్తుంది. ఆ గదికి నేల కావలసిన స్లాబు మీద అనుమానం వచ్చింది. కాంక్రీటు పోసిన రోజు మధ్యాహ్నం వాన పడింది. అదే కాంక్రీటుతో నమూనాకు నింపిన దిమ్మలను తర్వాత పరీక్షిస్తే, ఉండవలసిన బలంలో మూడింట రెండు వంతులే చూపించాయి. దిమ్మలు చెడిపోతే స్లాబు కూడా చెడిపోయిందని తీర్మానించలేం. అందుకే నిజంగా స్లాబు మీదికి బరువు ఎత్తి చూడమన్నారు. ఓడిపోతే స్లాబు పగలగొట్టాలి, పోసిన మేస్త్రీకి మా శాఖలో ఇక పని ఉండదు.

అప్పుడు నేను కరీంనగర్‌లో ఓవర్సియర్‌ని. ఇంట్లో ఎవరూ లేరు కాబట్టి ఎన్ని రోజులైనా ఉండగలనని మా ఇంజనీరుగారు నన్నే ఎంచుకున్నారు. ఆయన ఆ మాట పైకి అనలేదు. బస్సులో ఆదిలాబాద్ దాకా వెళ్ళి, అక్కడినుంచి ఎడ్లబండి మీద పరికరాలు వేసుకుని వెళ్ళాను.

మేస్త్రీకి యాభై దాటి ఉంటాయి. తలకు తెల్ల రుమాలు, చేతుల నిండా సున్నం పగుళ్ళు. నన్ను చూడగానే, "సాబ్, జర చాయ్ తాగి చూడుండ్రి. నా స్లాబు ఏనుగును నిలబెట్టినా కదలది," అన్నాడు.

"ఏనుగు దొరకదు మేస్త్రీ. ఇసుక సంచులు చాలు."

"ఇసుక నాకు దొరుకుతది. ఏనుగు మీరు తెచ్చుకోవాలె," అన్నాడు.

గదికి అడ్డం పన్నెండు అడుగులు, పొడవు పదహారు. కాన్పుల గదికి చదరపు అడుగుకు అరవై పౌన్ల బరువు లెక్కించి కట్టారు. పరీక్షకు దానికి ఒకటింబావు, అంటే డెబ్బై ఐదు పెట్టాలి. గచ్చు ఇంకా వేయలేదు కనుక దాని బరువుకు సరిపడా ఇటుకలు ముందే పరిచి, ఆ తర్వాతే కొలతను సున్నా నుంచి మొదలుపెట్టాలి. పత్తి మిల్లు నుంచి తెచ్చిన తరాజులో ఒక్కో సంచి నూరు పౌన్లు తూచాం. మొత్తం నూట నలభై నాలుగు సంచులు. ఒకదాన్నొకటి ఆనుకుంటే బరువు పక్కలకు పాకుతుందని సంచుల మధ్య బెత్తెడు ఖాళీ పెట్టించాను.

కింద, స్లాబు మధ్యకు సరిగ్గా, నేలమీద విడిగా నిలబెట్టిన ఇనుప స్టాండుకు డయల్ గేజ్ బిగించాను. దాని ముల్లు ఒక గీత జరిగితే స్లాబు అంగుళంలో వెయ్యో వంతు దిగినట్టు. ఒకవేళ స్లాబు కూలితే ఆపడానికి చుట్టూ ఊతంగా బల్లీలు, అంటే కర్ర గుంజలు, నిలబెట్టించి, వాటికీ స్లాబుకూ మధ్య రెండంగుళాల సందు ఉంచమన్నాను. బల్లీ తగిలితే మోసేది స్లాబు కాదు, బల్లీ.

మొదటి రోజు సంచులు ఎక్కించాక గేజ్ చూస్తే పన్నెండు గీతలు. మర్నాడు పొద్దున, ఇరవై నాలుగు గంటలు నిండాక చూసినా అవే పన్నెండు. మంచి కాంక్రీటుకు కూడా దాదాపు వంద రావాలి. మేస్త్రీ నా భుజం మీదుగా తొంగి చూసి, "చెప్పిన గద సాబ్!" అన్నాడు. ముఖం వెలిగిపోతోంది.

నేను లాంతరు పైకెత్తి స్లాబు అడుగును చూశాను. ప్రతి బల్లీ తలమీదా కోసుగా చెక్కిన చెక్కముక్కలు సుత్తితో బిగించి ఉన్నాయి. సందు ఎక్కడా లేదు.

"ఇవి ఎవరు పెట్టారు?"

"నేనే," అన్నాడు, ఏ తడబాటూ లేకుండా. "బల్లీ ఊగుతుంటె మేస్త్రీకి సిగ్గు కాదా? ముప్పై ఏండ్లసంది సెంట్రింగు చేస్తున్న. లూజ్ బల్లీ నా చేతికింద ఎన్నడు లేదు. మీరు సందు పెట్టమంటె మరిచిండ్రనుకున్న."

అతను అబద్ధమాడుతున్నాడో లేదో నాకు తెలియలేదు. ఇప్పటికీ తెలియదు. నా అనుమానం అర్థమయ్యాక అతని గొంతు తగ్గింది. "పరేషాన్ చేసిననా సాబ్? ఇప్పుడే కొట్టేస్త," అంటూ సుత్తి అందుకున్నాడు.

"ఆగు! బరువు మీదుండగా ముట్టుకోవద్దు. ముందు సంచులు దింపాలి."

మళ్ళీ నూట నలభై నాలుగు సంచులు దింపారు. చెక్కముక్కలు తీసి, నేను స్వయంగా రెండంగుళాల కర్ర ప్రతి సందులో దూర్చి చూశాను. మళ్ళీ సున్నా, మళ్ళీ ఎత్తడం.

ఆ రోజులు పొడవుగా గడిచాయి. చుట్టూ మనుషులు ఉన్నా గేజ్ దగ్గర నేనొక్కణ్ణే. క్యాంపుకు వెళ్ళినప్పుడల్లా ఆమెకు కార్డు రాయడం నాకు పదేళ్ళ అలవాటు. నా చేతిసంచిలో ఇంకా రెండు ఖాళీ కార్డులున్నాయి. గంట గంటకూ అంకెలు వేసే కాగితం తప్ప రాయడానికి మరేమీ లేకపోయింది.

ఈసారి ఇరవై నాలుగు గంటలకు నూట అరవై గీతలు దిగింది. అడ్డం కొలతలో మూడు వందల అరవయ్యో వంతు, అంటే నాలుగు వందల గీతలు దాటకూడదని మా ఉత్తర్వు. ఆ హద్దులోనే ఉంది. అడుగున వెంట్రుక మందం పగుళ్ళు రెండు కనిపించాయి. అసలు ప్రశ్న బరువు తీశాక తేలుతుంది. మరో ఇరవై నాలుగు గంటల్లో దిగినదానిలో నూటికి డెబ్బై ఐదు పాళ్ళు పైకి రావాలి. మర్నాడు చూస్తే గేజ్‌లో నలభై ఎనిమిది మిగిలి ఉంది. డెబ్బై పాళ్ళే లేచింది.

మేస్త్రీ లెక్క చేయలేడు, నా ముఖం మాత్రం చదివాడు. "పోయినట్టేనా?"

"పోలేదు. ఇంకోసారి ఎత్తాలి. ఈసారి ఎనభై రావాలి. రాకపోతే ఇక లేదు."

"ఎనభై గదా," అని, బల్లీల దాకా వెళ్ళి ఆగి, చేతులు వెనక్కి కట్టుకుని దూరంగా వచ్చి కూర్చున్నాడు. కాసేపటికి, "సాబ్, నేను ఇంటికాడ ఉంట. ఇక్కడుంటె చెయ్యి ఊకుండదు," అన్నాడు. పరీక్ష ముగిసేదాకా రాలేదు.

ఈ ఆఖరిసారి కొత్త సున్నా నుంచి నూట ఇరవై నాలుగు దిగింది. బరువు తీసిన మర్నాడు ఇరవై మిగిలింది. నేను మూడుసార్లు భాగించాను. ఎనభై నాలుగుకు వెంట్రుకవాసి తక్కువ. కొత్త పగుళ్ళు లేవు.

నివేదిక అక్కడే ఒక సంచి మీద కూర్చుని రాశాను. మొదటి పరీక్షను లెక్కలోకి తీసుకోలేదని రాసి, కారణం దగ్గర కలం ఆపాను. తర్వాత, "ఆధారాలు స్లాబుకు తగిలి ఉన్నందున. సెంట్రింగు అలవాటు ప్రకారం బిగించినట్టు మేస్త్రీ చెప్పాడు," అని రాశాను. అతను చెప్పింది అదే. దాన్ని నమ్మానని గానీ నమ్మలేదని గానీ రాయలేదు. చివర, "ఈ నేల చదరపు అడుగుకు అరవై పౌన్ల బరువుకు వాడుకోదగినది" అని సంతకం చేశాను.

కబురు పంపితే మేస్త్రీ వచ్చాడు. స్లాబు పగలగొట్టనక్కర్లేదని చెప్పాను. "నా పేరు మీద ఏం రాసిండ్రు?" అని అడిగాడు.

"నువ్వు చెప్పిందే."

అతను తల ఊపాడు, రుమాలు విప్పి మళ్ళీ కట్టుకున్నాడు. అన్నం తిని పొమ్మన్నాడు. బస్సు అందదని చెప్పి బండెక్కాను.

ఆదిలాబాద్ బస్సు స్టాండులో నా పక్కన ఒక పత్తి వ్యాపారి కూర్చున్నాడు. ఎవరికైనా చెప్పాలని ఉండబట్టలేక, "ఎనభై నాలుగు వచ్చిందండీ," అన్నాను.

ఆయన ఉలిక్కిపడి, "ఎక్కడ? ఏ మండీల?" అని అడిగి, తన అటుపక్కన కూర్చున్నవాడికి మరాఠీలో ఏదో చెప్పాడు. మండీ ధర కాదనీ, అది ఒక స్లాబు అనీ చెప్పాను. ఆయన మర్యాదగా, "అచ్ఛా, మంచిదే," అని వక్కపలుకు నా చేతిలో పెట్టాడు. కరీంనగర్ బస్సు వచ్చేదాకా ఇద్దరం వక్క నములుతూ కూర్చున్నాం.